మూడో చరణం ఏ అక్షరాల్లో

పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో క్రిస్టీ పక్కవాళ్లని అడుగుతుంది గానీ, పాటలో మాట సరిపోయిందో లేదో ఎవరినీ అడగదు. అది తనకే తెలుసు. నందిగామలో ఒక ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సైన్సు చెప్పి ఇంటికొచ్చి, పొయ్యి పక్కన ఫోను నిలబెట్టుకుని, కూర కలుపుతూ కూనిరాగాలు రికార్డు చేసుకోవడం ఆమెకు అలవాటు. అలా కట్టిన పాటలు చాలానే ఉన్నాయి. చర్చి సంఘంలో ఒకటి రెండు ఆదివారాలు పాడతారు, బాగుందంటారు, ఆ తర్వాత అందరూ పాత పాటలకే వెళ్లిపోతారు. ఈ ఏడు కట్టిన క్రిస్మస్ పాట మాత్రం అలా పోకూడదని ఆమె పట్టుబట్టి కూర్చుంది.

దానికి తగ్గ సందర్భమూ వచ్చింది. జగ్గయ్యపేట, నందిగామ, వీరులపాడు, కీసర, ఆ చుట్టుపక్కల ఊళ్ల సంఘాలు డిసెంబరులో ఒక శనివారం జగ్గయ్యపేటలో కలిసి, పండక్కి ముందుగానే, సెమీ క్రిస్మస్ చేసుకుంటాయి. ఏటా ఒక కొత్త పాటను నెల ముందే ప్రకటిస్తారు, ఎవరి ఊళ్లో వాళ్లు నేర్చుకుని రావాలి. సభలో పల్లవీ, మొదటి రెండు చరణాలూ గాయక బృందం మైకులో పాడుతుంది. మూడో చరణం మొదలయ్యే ముందు కార్యదర్శి వరప్రసాదరావు మాష్టారు స్వయంగా లేచి వెళ్లి మైకు కట్టేస్తారు. ఇక పాడాల్సింది జనమే. గొంతు తగ్గకుండా చివరిదాకా పాడారా, ఆ పాట క్రిస్మస్ రోజున అన్ని మందిరాల్లోనూ ఉంటుంది, ఆ తర్వాతా ఉంటుంది. సన్నగిల్లిందా, మాష్టారు మైకు మళ్లీ పెట్టి ప్రార్థన మొదలుపెడతారు, ఆ పాట ఊసు మళ్లీ ఎవరూ ఎత్తరు. పోయిన ఏడు పాటకు మూడో చరణంలో సభంతా దగ్గుతూ కూర్చుంది. పాపం, ఆ పాట కట్టినాయన ఇప్పటికీ ఆ సంగతి వస్తే జలుబుల సీజనండీ అని చెబుతాడు.

ఈ ఏడు వంతు క్రిస్టీది. పాట పేరు ప్రకటించిన రోజునే మాష్టారు ఆమెను పిలిచి చెప్పారు.

"చూడమ్మా, నువ్వు బాగా పాడతావని అందరికీ తెలుసు. నువ్వు పాడితే లెక్కలోకి రాదు. వాళ్లు పాడాలి."

"పాడతారండి మాష్టారూ," అంది క్రిస్టీ. ఆ మాట అంటున్నప్పుడు ఆమెకు ఒక్క పిసరు కూడా అనుమానం లేదు.

నేర్పడానికి ఊరూరూ తిరిగే తీరిక ఎవరికుంది? వీడియో చేసి పంపడమే పని. ఆ పనికి చెల్లెలు రూబీ ఉంది. విజయవాడలో ఇంజనీరింగ్ చదువుతూ, శనాదివారాలు జగ్గయ్యపేటలో అమ్మానాన్నల ఇంటికి వచ్చే రూబీ చేతిలో ఒక పాటల పేజీ ఉంది, దానికి చెప్పుకోదగ్గ జనం ఉన్నారు. పేజీ సంగతిలో రూబీ మాటకు తిరుగు లేదని రూబీయే చెబుతుంది.

"పాట మాటలు స్క్రీన్ మీద ఇంగ్లీషు అక్షరాల్లో వేస్తున్నానక్కా," అంది రూబీ. "తెలుగే, కాకపోతే ఇంగ్లీషు లెటర్స్‌లో. మనం చాటింగ్ చేసుకుంటాం చూడు, అట్లా."

"తెలుగులోనే వేస్తే?"

"తెలుగులో వేస్తే మా బ్యాచ్‌లో సగం మంది ఆగి చూడరు. అక్షరం గుర్తుపట్టే లోపు వేలు పైకి జరిపేస్తారు. హైదరాబాద్, బెంగళూరులో ఉన్నోళ్లు ఇళ్లల్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవరు కదా. షేర్ చేసేది వాళ్లే. రీచ్ కావాలా వద్దా నీకు?"

రీచ్ వద్దనేవాళ్లు ఎవరుంటారు? క్రిస్టీ కూడా ఫోనులో ఏం రాసినా, సంఘం గ్రూపుకు పంపే తన పాటలతో సహా, ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తుంది, స్కూలు గ్రూపులో అందరూ అంతే. సరే అంది. రూబీ ముచ్చటగా చేసింది. వెనక నక్షత్రాలు, ముందు కొవ్వొత్తి, పాటతోపాటు ఒక్కో మాటా రంగు మార్చుకుంటూ ఎగిరి వచ్చి పడడం. పేజీలో పెట్టిన వారానికే అది ఆ పేజీలో ఎప్పుడూ లేనంత దూరం వెళ్లింది. స్టాఫ్ రూంలో లెక్కల టీచరు ఫోను ఎత్తి చూపించి, "మా తమ్ముడు పుణె నుంచి పంపాడు, ఇది మీ పాటేనటగా," అన్నాడు. క్రిస్టీ ఆ రోజంతా క్లాసులో ఒక్క పిల్లాణ్ణి కూడా కసరలేదు.

ఇంట్లో మాత్రం ఒక గొంతు లేవలేదు. అది అత్తగారు దేవమణిది.

దేవమణి పుట్టింది వీరులపాడు దగ్గర. వయసంతా పత్తి చేలల్లో, మిరప తోటల్లో కూలిపనికే పోయింది. కొడుకు, అంటే క్రిస్టీ భర్త, రత్నబాబుకు జగ్గయ్యపేటలో ఉద్యోగం వచ్చి, నందిగామలో ఇల్లు తీసుకున్నాక పని మానింది గానీ పాట మానలేదు. ఆమె పాడితే ముందు వరుస వెనక్కి తిరిగి చూస్తుంది. వీరులపాడు స్త్రీల సమాజంలో ఇప్పటికీ ఆమె ఎత్తుకుంటేనే మిగతావాళ్లు అందుకుంటారు. అంత గొంతున్న మనిషి, కోడలు కట్టిన పాట ఒక్కటంటే ఒక్కటి ఇంతవరకు పాడలేదు. అడిగితే "బానే ఉందమ్మాయ్" అంటుంది. ఆ 'బానే' దగ్గరే క్రిస్టీకి ప్రతిసారీ ప్రాణం ఉసూరుమంటుంది. పుణె దాకా వెళ్లిన పాట వంటింటి గడప దాటి వసారాలోకి రాదేమిటి?

పైకి మాత్రం ఏమీ అనలేదు. దేవమణి ఎత్తుకుంటే వీరులపాడు ఎత్తుకుంటుంది, వీరులపాడు ఎత్తుకుంటే సభ ఎత్తుకుంటుంది. ఎత్తుకోకపోతే మూడో చరణంలో దగ్గులే వినాలి. ఈ లెక్క క్రిస్టీకి తెలుసు. అందుకే ఆ ఆదివారం సాయంత్రం అత్తగారితోపాటు తనూ వీరులపాడు బయల్దేరింది. అక్కడి స్త్రీలు ఆ పాట సాధన చేస్తున్నారని కబురొచ్చింది.

మందిరంలో చాపల మీద ఆడవాళ్లు కూర్చున్నారు. నలుగురికో ఫోను చొప్పున మధ్యలో పెట్టుకున్నారు. వెనక తలుపు దగ్గర కాలేజీ ఆడపిల్లలు గుంపుగా నిలబడ్డారు. వీడియో మొదలైంది. పల్లవి వచ్చింది.

*కాపలా ఉన్న పేదలకే కబురు ముందు వచ్చెనే*
*కబురు విన్న పాదాలకే బాట ముందు తెలిసెనే*

అదరగొట్టారు. క్రిస్టీకి ఒళ్లు పులకరించింది. తర్వాత మొదటి చరణం వచ్చింది. ముందున్న గొంతులు ఒక్కసారిగా మూసుకుపోయాయి. పెదవులు కదులుతున్నాయి, శబ్దం లేదు. కొందరు రాగం మాత్రం తీస్తున్నారు. వెనక నుంచి కాలేజీ పిల్లలు సన్నగా, తప్పు లేకుండా చరణమంతా పాడేశారు. మళ్లీ పల్లవి రాగానే ముందువాళ్లు అందుకున్నారు. రెండో చరణానికీ అదే వరస.

క్రిస్టీ లేచి మెల్లిగా చాపల మధ్య నడిచింది. స్కూల్లో పరీక్షలకు తిరిగే నడకే అది. పిల్లవాడు చదువుతున్నాడా, పుస్తకం వైపు ఊరికే చూస్తున్నాడా అన్నది టీచరుకు కళ్లను చూస్తే తెలిసిపోతుంది. చదివే కళ్లు ఎడమ నుంచి కుడికి పోతాయి. ఈ ఆడవాళ్ల కళ్లు ఎటూ పోవడం లేదు. రంగురంగుల అక్షరాలు వచ్చి పడుతుంటే వాళ్లు కొవ్వొత్తిని చూస్తున్నారు.

సాధన అయ్యాక ఎవరో ఒక పాత కీర్తన అడిగారు. దేవమణి సంచిలోంచి నలిగిన పాటల పుస్తకం తీసి, కళ్లజోడైనా పెట్టుకోకుండా, నాలుగు చరణాలూ గడగడా పాడింది. చుట్టూ ఉన్నవాళ్లు ఎవరి పుస్తకం వాళ్లు తెరిచి, వేలు వరస కింద జరుపుతూ పాడారు. అయిదో తరగతితో బడి మానేసినవాళ్లు, అసలు బడికే వెళ్లకుండా పెద్దయ్యాక బైబిలు పట్టుకుని అక్షరాలు కూడబలుక్కున్నవాళ్లు, ఒక్క మాట తడబడలేదు. క్రిస్టీ అక్కడే గోడకు ఆనుకుని నిలబడిపోయింది. విషయం మొత్తం ఆమెకు అర్థమైంది.

తిరుగు ఆటోలో అత్తగారి పక్కన కూర్చుని అడిగింది.

"అత్తయ్యా, వీడియోలో మాటలు చదవడం రావట్లేదా?"

దేవమణి కొంగు సర్దుకుంది. రోడ్డు పక్క పత్తి చేల వైపు చూస్తూ చెప్పింది.

"ఏబీసీడీలు వచ్చులే. బస్సు మీద బోర్డు చదువుకుంటా. మన మాటని ఆ అక్షరాల్లో రాస్తే మాత్రం ఒక్కోటి కలుపుకుని ఇదేందా అని ఆలోచించే లోపు పాట వెళ్లిపోద్ది. పల్లవంటే మళ్లీ మళ్లీ వస్తది కాబట్టి చెవులతో పట్టుకున్నాం. చరణం ఒక్కసారే కదా వచ్చేది."

"మరి చెప్పలేదేమండీ ఇన్నాళ్లూ?"

"ఏం చెప్పను. వేలమంది చూసారు, వేలమంది చూసారు అని నువ్వూ మీ చెల్లెలూ ఒకటే సంబరం. అంతమందికి వచ్చింది, నాకొక్కదానికే రాలేదు గామోసు అనుకున్నా. అక్కడున్నోళ్లం కూడా ఎవరికి వాళ్లం అదే అనుకుని ఉంటాం."

క్రిస్టీకి కళ్లు చెమ్మగిల్లాయి. ఆ 'బానే ఉందమ్మాయ్' వెనక ఇంత సిగ్గు దాక్కుని ఉందని ఆమె ఊహించలేదు. అత్తగారి మీద ఇన్నాళ్లు పెట్టుకున్న చిన్న కినుక అంతా ఆ ఆటోలోనే దిగిపోయింది. బాధపడుతూ కూర్చునే రకం కాదు గనుక, నందిగామ చేరేలోపు ఏం చేయాలో కూడా నిర్ణయించుకుంది.

మర్నాడు సాయంత్రం స్కూలు నుంచి తిన్నగా జగ్గయ్యపేట బస్సెక్కింది. రూబీకి పరీక్షల సెలవులు, ఇంట్లోనే ఉంది. క్రిస్టీ చెప్పిందంతా విని, "ఇప్పుడు తెలుగులో మారుస్తానంటావా?" అని కనుబొమలు పైకెత్తింది. "ఇంత రీచ్ వచ్చాక?"

"ఎక్కడికి రీచ్ అయిందో చూపించు."

రూబీ పేజీ లెక్కలు తెరిచింది. చూసినవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల లోపువాళ్లు. ఊళ్ల పేర్లలో హైదరాబాద్ మొదట, బెంగళూరు తర్వాత, విజయవాడ ఆ తర్వాత. ఎవరు ఎంతసేపు చూశారో చూపించే గీత ఒకటి ఉంది. అది పల్లవి అయిపోయేదాకా బాగానే నడిచి, మొదటి చరణం దగ్గర మెట్టు దిగినట్టు కిందికి పడింది. మూడో చరణం దగ్గర గీత నేలను తాకుతోంది.

"అందరి వీడియోలకీ అంతేనక్కా. చివరిదాకా ఎవరు చూస్తారు?"

"మూడో చరణం దగ్గరే కదే నా పరీక్ష. అక్కడ ఎవరూ లేకపోతే పుణె నాకెందుకు?"

రూబీ ఊరుకునే పిల్ల కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో మాత్రం చదవలేనిదేముంది, తామంతా రోజూ చదవట్లేదా అని వాదించింది. క్రిస్టీ ఒక కాగితం తీసుకుని, రూబీ ఎప్పుడూ వినని ఒక పాత కీర్తనలోని చరణం ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, చేతికిచ్చి పాడమంది. రూబీ మొదటి రెండు మాటలు హుషారుగా అంది. మూడో మాట దగ్గర ఆగింది. అక్కడ సాగదీయాలో వద్దో, ఒత్తి పలకాలో వద్దో తేల్చుకోలేక రెండు మూడు రకాలుగా అని చూసి, కాగితం కింద పెట్టేసింది.

"ఇదేం మాటో నాకు తెలీదక్కా."

"అదీ సంగతి. తెలిసిన మాటైతే ఎట్లా రాసినా పట్టేస్తావు. నువ్వు చదవట్లేదు, గుర్తుపడుతున్నావు. కొత్త పాటలో కొత్త మాటలుంటాయి. గుర్తుపట్టడానికి ముందు ఎక్కడ చూసారని?"

"సరే," అంది రూబీ ఓటమి ఒప్పుకోకుండా. "ఇదే తెలుగులో రాసిస్తే నేను మొదటి మాట దగ్గరే ఆగిపోతా. మరి నన్నేం చేస్తావు? నాలాంటోళ్లు సభకి రారా?"

క్రిస్టీ నవ్వేసింది. అదీ నిజమే. వీరులపాడులో వెనక నిలబడి చరణాలు పాడింది ఈ ఇంగ్లీషు అక్షరాల పిల్లలే. వాళ్లను వదిలేయడానికి కూడా వీల్లేదు.

రెండూ ఒకదాని కింద ఒకటి వేసి చూశారు. ఫోనులో తెర నిండిపోయి, రెండు రకాల అక్షరాలూ చీమల్లా అయిపోయాయి. రూబీయే ఇంకో దారి చెప్పింది. తెలుగు అక్షరాలు వీడియో మీదే అచ్చేద్దాం, ఇంగ్లీషు అక్షరాలను యూట్యూబులో విడిగా సీసీ కింద ఎక్కిద్దాం. కావాల్సినవాళ్లు ఆ గుర్తు నొక్కుకుంటే కింద వస్తాయి.

"తిరగేసి చేయొచ్చు కదా," అంది క్రిస్టీ పరీక్షకని. "తెలుగే సీసీలో పెడితే?"

"మీ అత్తయ్యగారికి సీసీ ఎక్కడ నొక్కాలో తెలుసా? పైగా వాట్సాప్‌లో వీడియో పంపుకుంటే సీసీ దాంతో రాదు. వీడియో మీద అచ్చయిందే వస్తుంది. పెద్దోళ్లు చూసేది వాట్సాప్‌లో. మా వాళ్లు చూసేది యూట్యూబులో. నొక్కుకుంటారులే."

అప్పుడు క్రిస్టీకి చెల్లెలి మీద గర్వం కలిగింది. పైకి చెప్పలేదు, చెబితే ఆ పిల్లను పట్టలేం.

పని తేలిగ్గా సాగలేదు. నందిగామలో ఫ్లెక్సీలు వేసే కల్యాణ్ చేత మాటలు టైపు చేయించి తెప్పిస్తే, అతని కంప్యూటర్లో ముత్యాల్లా ఉన్న అక్షరాలు ఫోనులో పెట్టగానే పిచ్చి గీతలైపోయాయి. ఆ ఫాంటు మా షాపు దాటి పనిచేయదు మేడం అన్నాడతను. ఇక క్రిస్టీయే ఫోనులో టైపు చేసింది. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు అక్షరాలుగా మారే కీబోర్డు పెట్టుకుంది. ఇన్నాళ్లూ సగం దారిలో దిగిపోతున్నానన్నమాట అనుకుంది. మాటలు రూబీ ఎడిటింగ్ యాప్‌లో పెడితే వత్తులు విరిగి పక్కన పడ్డాయి. వేరే ఫాంటు దించుకుంటే వత్తులు అతుక్కున్నాయి గానీ, పై వరస వత్తులు కింది వరస తలకట్లను గుద్దుకున్నాయి. వరసల మధ్య ఎడం పెంచారు. ఎడం పెంచితే చరణం తెరలో పట్టలేదు. అప్పుడు క్రిస్టీ నక్షత్రాలు తీసెయ్యమంది, కొవ్వొత్తి తీసెయ్యమంది.

"ఇంకేం మిగుల్తదక్కా?"

"మాటలు మిగుల్తాయి. వెనక తెలుపు, ముందు నల్లటి అక్షరాలు. ఎగిరిపడొద్దు. రెండేసి వరసలు, పాడేదాకా కదలకుండా ఉండాలి. పైన చరణం అంకె వెయ్యి. పాటల పుస్తకం చూసినట్టుండాలి."

"ఇది వీడియోనా, నోటీసు బోర్డా?" అని సణుక్కుంటూనే రూబీ అంతా చేసింది. పాట పేరు మాత్రం తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ పెట్టింది. కుర్రాళ్లు వెతికేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారట, పెద్దవాళ్లు మైకు గుర్తు నొక్కి నోటితో అడుగుతారట. పాత వీడియో తీసెయ్యలేదు, దాని కిందే కొత్తదాని లింకు పెట్టింది.

కొత్త వీడియో పరుగులు తీయలేదు. రూబీ రోజూ ఫోను చేసి అక్కను ఆటపట్టించింది. పాతదానిలో పదో వంతు కూడా లేదట. క్రిస్టీ "ఉండనీ" అనేది. ధైర్యంగానే అనేది గానీ, సభ దగ్గరికొస్తున్న కొద్దీ ఆమెకూ లోపల కొంచెం గుబులుగానే ఉంది. దేవమణి ఫోను ముందేసుకుని పెదవులు కదుపుతుండడం చూసింది. పాడమని అడగలేదు. అడిగి పాడించుకుంటే ఏం బాగుంటుంది?

ఒకరోజు వీరులపాడు స్త్రీల గ్రూపులో అత్తగారికి వచ్చిన బొమ్మలు చూసి మాత్రం ఆగిపోయింది. ఎవరో వీడియోను చరణం చరణం దగ్గర ఆపి, తెరను ఫొటో తీసి పంపారు. వాటి మీద 'చాలాసార్లు ఫార్వర్డ్ అయింది' అన్న గుర్తు ఉంది. ఆ ఫొటోలు ఎన్ని ఊళ్లు తిరిగాయో రూబీ పేజీ లెక్కల్లో ఎక్కడా కనపడదు. క్రిస్టీ ఈ సంగతి చెల్లెలికి చెప్పలేదు. సభలో చూసుకుందాం అనుకుంది.

శనివారం మధ్యాహ్నం నుంచే జగ్గయ్యపేట మైదానంలో షామియానాలు నిండిపోయాయి. నలుగురు పాస్టర్లు మాట్లాడారు, ఆ నలుగురూ క్లుప్తంగా మాట్లాడతామనే మొదలుపెట్టారు. ఎండ చల్లబడుతుండగా కొత్త పాట పిలిచారు. క్రిస్టీ గాయక బృందంతో వేదిక మీదికి వెళ్లింది. పల్లవికి మైదానమంతా అందుకుంది. అది ఎలాగూ అందుకుంటుంది. రెండు చరణాలు మైకులో సాగాయి. జనం పాడుతున్నారో లేదో స్పీకర్ల హోరులో వేదిక మీదివాళ్లకు తెలియలేదు.

వరప్రసాదరావు మాష్టారు లేచారు. పంచె సర్దుకుంటూ నింపాదిగా నడిచి వెళ్లి మైకు కట్టేశారు. క్రిస్టీ నోరు మూసుకుంది. రూలు ప్రకారం కట్టినవాళ్లు పాడకూడదు.

ఒక్క క్షణం ఏమీ లేదు. హైవే మీద లారీ హారను వినిపించింది. ఎవరో దగ్గారు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఒక గొంతు లేచింది. గరుకైన, నిండైన, చేలకు అడ్డంగా పిలిచి పిలిచి గట్టిపడిన గొంతు. క్రిస్టీకి చూడనక్కర్లేకపోయింది.

*కుప్ప కాడ చలిమంట కునుకు తీసే వేళలో*
*గొప్పవారి గడప దాటి వెలుగు దిగెను చేలలో*

మొదటి వరస దేవమణి ఒక్కతే పాడింది. రెండో వరసకు వీరులపాడు అంతా లేచింది. ఆ వెంటనే ఎక్కడెక్కడి నుంచో, క్రిస్టీ ఎన్నడూ అడుగు పెట్టని ఊళ్ల ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు, చివర్న సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడ్డ రూబీ బ్యాచ్ కుర్రాళ్లు, అందరూ అందుకున్నారు. ఒక్క మాట మింగలేదు. చరణం అయిపోయాక పల్లవికి రాకుండా మళ్లీ ఆ చరణమే ఎత్తుకున్నారు. మాష్టారు మైకు పెట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. వేదిక మీద నిలబడి క్రిస్టీ వెక్కి వెక్కి ఏడ్చింది, సిగ్గుపడకుండా.

సభ అయ్యాక భోజనాల దగ్గర దేవమణి పక్కన ఒకామె కూర్చుని ఉంది. కీసర సంఘం నుంచి వచ్చిన ఆరోగ్యమ్మ అని దేవమణి పరిచయం చేసింది. బాగా పెద్దావిడ. క్రిస్టీ వందనాలు చెప్పి ఎదురుగా కూర్చుంది.

"ఆ పాట మళ్లీ బయటికి తీసి మంచి పని చేసారమ్మా," అంది ఆరోగ్యమ్మ. "ఎన్నేళ్లయిందో విని. మా అమ్మ పాడేది."

క్రిస్టీ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "అది కొత్త పాటండి. నేనే కట్టా, ఈ ఏడే."

ఆరోగ్యమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. కోపంగా కాదు, జాలిగా.

"నువ్వు చిన్నదానివమ్మా, నీకు తెలీదు. మా మనవరాలు ఫోనులో చూపించింది. పుస్తకంలో ఎట్లా ఉంటదో అట్లాగే ఉంది, చరణం అంకెతో సహా. తెలుగక్షరాల్లో నా కళ్లారా చదివా. అది పాత కీర్తనే."

దేవమణి నోరు తెరిచింది. అది కోడలి పాటేనని చెప్పడానికి, అదీ మైకు అక్కర్లేని గొంతుతో చెప్పడానికి సిద్ధంగా ఉంది. ఆమె ముఖం అప్పటికే వెలిగిపోతోంది. క్రిస్టీ ఎంగిలి చేత్తోనే అత్తగారి మోకాలు నొక్కి ఆపేసింది.

"మీ అమ్మగారు మూడో చరణం ఎట్లా పాడేవారండీ?" అని అడిగింది.

ఆరోగ్యమ్మ విస్తరి పక్కకు జరిపి, కళ్లు మూసుకుని, క్రిస్టీ కట్టిన మాటలనే, ఒక్కటీ మారకుండా, వాళ్లమ్మ పాడినట్టే పాడింది.